వంద మిల్లీమీటర్ల డబ్బాకు అచ్చు ఎంత?

వంటింట్లో పప్పులు పోసుకునే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాను ఒకదాన్ని తీసుకోండి. దాని మూతి దగ్గర బయటి వ్యాసం సరిగ్గా 100 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. ఆ డబ్బా తయారైన ఉక్కు అచ్చును తెరిచి, లోపలి గుంటను అదే చోట కొలిస్తే మాత్రం 100 రాదు, 101.5 దాటుతుంది. అడుగు దగ్గర కొలిస్తే ఇంకో అంకె వస్తుంది. ఈ అంకెలేవీ డ్రాయింగ్ మీద ఉండవు. డ్రాయింగులో ఉండేవి డబ్బా కొలతలే. వాటి నుంచి అచ్చు కొలతలు రాబట్టడం మోల్డ్ డిజైనర్ పని. ఆ లెక్క తప్పితే లక్షల రూపాయల ఉక్కు దిమ్మె మీద తప్పుడు కొలత పడిపోతుంది. ప్లాస్టిక్ చల్లారి బయటికొచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

లెక్క మాత్రం పెద్దది కాదు, హైస్కూలు గణితం చాలు. ఒక భాగహారం, ఒక టాన్ విలువ. తప్పులు జరిగేది కూడికలూ గుణకారాల్లో కాదు, అంకెను వేసే ముందు అడగాల్సిన ప్రశ్నలను అడగకపోవడంలో. అందుకని ఒకే ఒక్క డబ్బాను ముందు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క కడదాం.

మన డబ్బా పాలీప్రొపిలీన్‌తో చేసింది. టూల్‌రూముల్లో అందరూ పీపీ అంటారు. మూతి దగ్గర బయటి వ్యాసం 100 మి.మీ., ఎత్తు 60, గోడ మందం 1.5, అడుగు మందం కూడా 1.5. వ్యాసంలోనూ ఎత్తులోనూ 0.3 అటూ ఇటూ ఉన్నా ఒప్పుకుంటారు. గోడ మందంలో ఆ సడలింపు 0.15. గోడలకు లోపలా బయటా ఒక్కో వైపు 1 డిగ్రీ వాలు, అంటే డ్రాఫ్ట్, ఉంది. ష్రింకేజ్, అంటే ప్లాస్టిక్ కుదించుకుపోయే పాళ్లు, 1.5 శాతం అని గింజలు అమ్మిన కంపెనీ కాగితం చెప్పింది.

ప్లాస్టిక్ ఎందుకు కుదించుకుపోతుంది?

పీపీని దాదాపు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, ఒత్తిడితో అచ్చులోకి ఎక్కిస్తారు. గది వేడిమిలో ఘనంగా ఉన్నప్పుడు దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు. కరిగి ఉన్నప్పుడు అది 0.75కు దగ్గరగా ఉంటుంది. అంటే ఏ ఒత్తిడీ లేకుండా వదిలేస్తే, ద్రవంగా ఉన్నప్పటి ఘనపరిమాణంలో ఆరో వంతు చల్లారేసరికి మాయమవుతుంది. వేడి పదార్థం చల్లబడి ముడుచుకోవడం ఇందులో ఒక భాగమే. పీపీ గొలుసులు చల్లారుతూ వరుసగా సర్దుకుని స్ఫటికాలుగా కట్టుకుంటాయి. అలా సర్దుకున్నప్పుడు అవి తక్కువ చోటు తీసుకుంటాయి. ఏబీఎస్, పాలీస్టైరీన్ లాంటి ప్లాస్టిక్‌లలో ఈ స్ఫటికాల వ్యవహారం లేదు. అందుకే వాటి ష్రింకేజ్ అర శాతం చుట్టుపక్కల ఆగిపోతుంది. పీపీకి 1 నుంచి 2.5 దాకా పోతుంది.

మరి ఆరో వంతు తగ్గాల్సింది ఒకటిన్నర శాతం దగ్గర ఎలా ఆగింది? అచ్చు నిండాక కూడా మెషీన్ ఒత్తిడి ఆపదు. చల్లారుతున్న ప్లాస్టిక్ వెనకనుంచి ఇంకొంచెం ప్లాస్టిక్‌ను కొన్ని సెకన్లపాటు నెడుతూనే ఉంటుంది. దీన్నే హోల్డింగ్ ప్రెషర్ అంటారు. ప్లాస్టిక్ లోపలికి వచ్చే సన్నటి దారి, అంటే గేట్, గడ్డకట్టాక ఇక నెట్టడానికి వీలుండదు. ఆ తర్వాత జరిగే కుదింపే మనకు డబ్బాలో కనిపిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ష్రింకేజ్ పీపీ ఒక్కదాని గుణం కాదు. ప్లాస్టిక్, గోడ మందం, గేట్, మెషీన్ ఒత్తిడి, అచ్చు వేడి, ఇన్నీ కలిస్తే వచ్చే ఫలితం.

గుణించాలా, భాగించాలా?

1.5 శాతం అన్నది దేనిలో 1.5 శాతం? డబ్బాలోనా, అచ్చులోనా? ష్రింకేజ్ కొలవడానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 294-4. దాని ప్రకారం అచ్చు కొలతలోంచి వస్తువు కొలత తీసేసి, వచ్చినదాన్ని అచ్చు కొలతతో భాగించాలి. రెండింటినీ గది వేడిమిలోనే కొలవాలి. వస్తువును పోత పోసిన వెంటనే కాకుండా సుమారు ఒక రోజు ఆగి కొలవాలి. కాబట్టి 1.5 శాతం అంటే అచ్చు కొలతలో 1.5 శాతం. అచ్చులో 100 పాళ్లుంటే డబ్బాకు మిగిలేది 98.5. దాన్ని తిరగేస్తే సూత్రం ఇది:

```
అచ్చు కొలత = డ్రాయింగ్ కొలత ÷ (1 − ష్రింకేజ్)
           = 100 ÷ (1 − 0.015)
           = 100 ÷ 0.985
           = 101.523 మి.మీ.
```

చాలా చోట్ల దీన్ని తేలిక చేసి 100ను 1.015తో గుణిస్తారు. అప్పుడు 101.500 వస్తుంది. తేడా 0.023 మి.మీ. మన డబ్బాకు 0.3 సడలింపు ఉంది కాబట్టి అది లెక్కలోకి రాదు. అదే అర మీటరు పొడవున్న క్రేట్‌కు 2 శాతం ష్రింకేజ్ ఉంటే, గుణిస్తే 510.000, భాగిస్తే 510.204. అయిదో వంతు మిల్లీమీటరు ఊరికే పోతుంది. భాగించడానికి గుణించడం కన్నా ఎక్కువ సమయమేమీ పట్టదు కాబట్టి ఎప్పుడూ భాగించడమే నయమని నా అభిప్రాయం. కంప్యూటర్‌లో మోడల్‌ను పెద్దది చేసేటప్పుడు కూడా స్కేల్ గడిలో 1.015 అని కాకుండా 1.01523 అని కొడితే సరిపోతుంది.

లోపలి కొలత పెరుగుతుందా, తగ్గుతుందా?

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అచ్చులో రెండు ముక్కలుంటాయి. డబ్బా బయటి ఆకారాన్నిచ్చే గుంట క్యావిటీ. డబ్బా లోపలి ఖాళీనిచ్చే ఉక్కు దిమ్మ కోర్. రెండింటి నడుమ ఉన్న సందులోకి ప్లాస్టిక్ పోయి గోడ అవుతుంది.

క్యావిటీని పెద్దది చేయాలంటే అందరికీ వెంటనే అర్థమవుతుంది. కోర్ దగ్గరకొచ్చేసరికి అనుమానం మొదలవుతుంది. గోడలోని ప్లాస్టిక్ కుదించుకుపోతే గోడ పలచబడుతుంది, అప్పుడు లోపలి ఖాళీ పెరగాలి కదా, కాబట్టి కోర్‌ను చిన్నది చేయాలేమో అనిపిస్తుంది. ఇది తప్పు. జిరాక్స్ మెషీన్‌లో ఒక బొమ్మను 98.5 శాతానికి తగ్గించి తీయండి. బొమ్మలో ఉన్న ఉంగరం బయటి గీత తగ్గుతుంది, మందం తగ్గుతుంది, నడుమ ఉన్న ఖాళీ కూడా అదే పాళ్లలో తగ్గుతుంది. ఖాళీ ఒక్కటీ పెద్దదై కూర్చోదు. డబ్బాలో జరిగేదీ అంతే. గోడ చుట్టుకొలత కుదించుకుపోయినప్పుడు లోపలి వ్యాసం కూడా దానితో పాటే కుదించుకుపోతుంది. కాబట్టి కోర్‌ను కూడా పెద్దదిగానే చేయాలి.

మన డబ్బా మూతి లోపలి వ్యాసం 100లోంచి రెండు వైపులా గోడ తీసేస్తే 97. దాన్ని 0.985తో భాగిస్తే కోర్ వ్యాసం 98.477. క్యావిటీకీ కోర్‌కూ మధ్య సందు ఎంతో చూద్దాం. 101.523లోంచి 98.477 తీసి సగం చేస్తే 1.523 వస్తుంది. 1.5ను 0.985తో భాగించినా అదే వస్తుంది. లెక్క సరిపోయిందనడానికి ఇదే గుర్తు.

కోర్‌ను పెంచకుండా 97 దగ్గరే వదిలేస్తే ఏమవుతుందో కూడా చూడండి. సందు 2.26 మి.మీ. అవుతుంది. డబ్బా గోడ 1.5 బదులు 2.2 దాటుతుంది. గోడకు పట్టే ప్లాస్టిక్ దాదాపు సగం ఎక్కువ పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ప్లాస్టిక్ చల్లారే సమయం గోడ మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గోడ ఒకటిన్నర రెట్లయితే చల్లారడానికి రెట్టింపు పైనే పడుతుంది. గంటకు వచ్చే డబ్బాల సంఖ్య ఆ మేరకు పడిపోతుంది. బయటి వ్యాసం మాత్రం కచ్చితంగా 100 వస్తుంది కాబట్టి బయట కొలిచి ఊరుకుంటే ఈ తప్పు దొరకదు.

కోర్ మీదికి ప్లాస్టిక్ కుదించుకుపోవడం వల్ల ఇంకో సంగతి జరుగుతుంది. డబ్బా క్యావిటీ గోడను వదిలి కోర్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అచ్చు తెరవగానే డబ్బా కోర్ మీదే ఉండిపోయేది అందుకే. వెనకనుంచి స్ట్రిప్పర్ ప్లేటో, ఎజెక్టర్ పిన్నులో దాన్ని నెట్టి దించాలి. ఇక్కడే డ్రాఫ్ట్ అవసరమవుతుంది.

వాలు ఎటు నుంచి?

గోడలు నిట్టనిలువుగా ఉంటే డబ్బా కోర్ మీద చివరి అంగుళం దాకా రాసుకుంటూనే దిగాలి. గోడ మీద గీతలు పడతాయి, అడుగు ఉబ్బుతుంది, ఒక్కోసారి డబ్బా చిరిగిపోతుంది. ఒక్క డిగ్రీ వాలుంటే డబ్బా కాస్త కదలగానే గోడంతా ఒకేసారి వదిలేస్తుంది. పీపీ లాంటి నునుపైన ప్లాస్టిక్‌కు, బాగా పాలిష్ చేసిన కోర్‌కు 1 డిగ్రీ సరిపోతుంది. గోడ మీద తోలు గీతల్లాంటి టెక్స్చర్ కావాలంటే, ఆ గీతల లోతు ప్రతి 0.025 మి.మీ.కూ ఇంకో డిగ్రీ నుంచి డిగ్రీన్నర కలపాలి.

వాలు ఎంత వెడల్పు తింటుందో లెక్క కట్టడం తేలిక. ఎత్తును ఆ కోణం టాన్ విలువతో గుణించాలి. టాన్ 1° విలువ 0.017455. 100 మి.మీ. ఎత్తుకు ఒక్కో వైపు 1.75 మి.మీ. అని గుర్తుంచుకుంటే నోటి లెక్కకు చాలు. మన డబ్బా 60 ఎత్తుకు ఒక్కో వైపు 1.047 వస్తుంది. వ్యాసంలో రెండు వైపులా కలిపి 2.09.

ఇక్కడ కాసేపు ఆగాలి. ష్రింకేజ్ కోసం ఇంత కష్టపడితే 100 మి.మీ. మీద వచ్చిన తేడా 1.5. డ్రాఫ్ట్ వల్ల మూతికీ అడుగుకూ మధ్య వచ్చిన తేడా 2.09. అంటే డ్రాయింగ్ మీద ఉన్న 100 మూతి దగ్గరదా, అడుగు దగ్గరదా అన్న ప్రశ్న ష్రింకేజ్ కన్నా పెద్దది. మూతి దగ్గర 100 అయితే అడుగు 97.91. అడుగు దగ్గర 100 అయితే మూతి 102.09. మొదటి డబ్బాకు చేసిన మూత రెండో డబ్బాకు ఏ విధంగానూ పట్టదు. చాలా డ్రాయింగుల్లో గోడను నిలువు గీతగా గీసి, మూలన "డ్రాఫ్ట్ 1°" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. దాన్ని చూసి ఒకరు మూతి నుంచి లోపలికి వాలిస్తారు, ఇంకొకరు అడుగు నుంచి బయటికి వాలిస్తారు. లెక్కలు ఇద్దరివీ సరైనవే, డబ్బాలే వేరు. ఆ 1 డిగ్రీ ఒక్కో వైపుకా, రెండు వైపులా కలిపా అన్నది కూడా రాయకపోతే తేడా ఇంకో రకంగా పుడుతుంది. కలిపి 1 డిగ్రీ అంటే ఒక్కో వైపు అర డిగ్రీయే.

ఏ కొలత ఎక్కడిదో తెలుసుకోవడానికి మంచి దారి ఒకటే. ఆ వస్తువు దేనితో జతపడాలో అడగాలి. మూత పట్టేది మూతి దగ్గర కాబట్టి ఈ డబ్బాకు మూతి కొలతే అసలు కొలత. అడుగు ఏ మేరకు తగ్గినా అభ్యంతరం లేదు. ఇంకో డబ్బా మీద పేర్చాల్సినదైతే అడుగు కొలత కూడా ముఖ్యమవుతుంది. ఈ మాట అడగకుండా స్కేల్ చేయడం మొదలుపెట్టకూడదు.

కోణం సంగతి కూడా చెప్పాలి. ష్రింకేజ్ కోసం అన్ని కొలతలనూ ఒకే పాళ్లలో పెంచినప్పుడు కోణం మారదు. వ్యాసమూ పెరిగింది, ఎత్తూ పెరిగింది, వాటి నిష్పత్తి అలాగే ఉంది. కాబట్టి 1 డిగ్రీని 1.015తో గుణించే పని లేదు. వ్యాసాన్ని పెంచి, వాలు మాత్రం పాత 60 ఎత్తు మీద కట్టడం కూడా తప్పే. ఎత్తు కూడా 60.914 అయింది కదా.

ఇప్పుడు అంకెలన్నీ ఒక చోట పెడదాం. క్యావిటీ మూతి 101.523. లోతు 60ని 0.985తో భాగిస్తే 60.914. దాన్ని 0.017455తో గుణించి రెట్టింపు చేస్తే 2.127. కాబట్టి క్యావిటీ అడుగు వ్యాసం 99.396. కోర్ మొదలు దగ్గర 98.477. కోర్ ఎత్తు, అడుగు మందం పోగా మిగిలిన 58.5ను భాగిస్తే 59.391. వాలు రెండు వైపులా కలిపి 2.073 తగ్గుతుంది కాబట్టి కోర్ కొస వ్యాసం 96.404. ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. ముందు డబ్బాకే వాలు కట్టి అడుగు వ్యాసం 97.905 తెచ్చుకుని, ఆ తర్వాత 0.985తో భాగిస్తే మళ్లీ 99.396 రావాలి, వస్తుంది. రెండు దార్లలో ఒకే అంకె వస్తేనే ఉక్కును మెషీన్ మీద ఎక్కించాలి.

మూతకు మరలుంటే ఇంకో మాట. మర వ్యాసంతో పాటు దాని పిచ్, అంటే ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకున్న దూరం కూడా కుదించుకుపోతుంది. 4 మి.మీ. పిచ్ కావాలంటే కోర్ మీద మరను 4.061 పిచ్‌తో కోయాలి. అది మరిచిపోతే మూత ఒక చుట్టు బాగానే తిరిగి, రెండో చుట్టుకు బిగుసుకుంటుంది.

కాగితం మీద 1.5, డబ్బాలో ఎంత?

మన డబ్బాకు ఒప్పుకునే సడలింపు 100 మీద 0.3. 101.523 క్యావిటీలో అసలు ష్రింకేజ్ 1.2 శాతమే వస్తే డబ్బా 100.3 అవుతుంది. 1.8 వస్తే 99.7. అంటే 1.2 నుంచి 1.8 లోపల ఎక్కడున్నా డబ్బా గట్టెక్కుతుంది. అది దాటితే పనికిరాదు. పీపీ మొత్తం పరిధి 1 నుంచి 2.5 అని ముందే చెప్పుకున్నాం కదా. అందుకే "పీపీకి ఎంత?" అని అడిగి ఊరుకోకూడదు. వాడబోయే గ్రేడ్ పేరు పట్టుకుని, మన గోడ మందానికి దగ్గరైన మందం మీద కొలిచిన అంకె అడగాలి. గోడ మందం పెరిగితే ష్రింకేజ్ కూడా పెరుగుతుంది. చల్లారడం నిదానమై స్ఫటికాలు కట్టడానికి ఎక్కువ వ్యవధి దొరుకుతుంది.

రంగు కూడా అంకెను మార్చగలదు. నీలం, ఆకుపచ్చ రంగులకు వాడే థాలోసైనిన్ పిగ్మెంట్లు పీపీలోనూ, హెచ్‌డీపీఈలోనూ స్ఫటికాలు కట్టడానికి బీజాల్లా పనిచేస్తాయి. అదే అచ్చు, అదే మెషీన్, అవే సెట్టింగులు ఉన్నా తెల్ల మూత చక్కగా పట్టి నీలం మూత వంకరపోవడానికి ఇదొక కారణం. ఆర్డర్‌లో ఏయే రంగులున్నాయో డిజైనర్‌కు ముందే తెలియాలి.

మరో చిక్కు ఏమిటంటే అన్ని దిక్కులా ఒకే పాళ్లలో కుదింపు జరగదు. డబ్బా గోడ కోర్ చుట్టూ ఉన్నంతసేపు ఉక్కు దాన్ని కుదించుకోనివ్వదు. ఎత్తులో అలాంటి అడ్డు తక్కువ. కాబట్టి వ్యాసంలోనూ ఎత్తులోనూ వచ్చే ష్రింకేజ్ వేరువేరుగా ఉంటుంది. గ్లాస్ ఫైబర్ కలిపిన ప్లాస్టిక్‌లో ఈ తేడా మరీ ఎక్కువ. ప్లాస్టిక్ పారిన దిక్కున ఫైబర్లు వరుసగా పడుకుని కుదింపును ఆపుతాయి, అడ్డంగా ఆపలేవు. అలాంటి వస్తువుకు ఒకే స్కేల్ అంకె పనికిరాదు, రెండు దిక్కులకు రెండు అంకెలు వేయాలి.

ఉక్కు మిగిల్చుకోవడం

ఇన్ని అనుమానాలున్నప్పుడు అనుభవమున్న టూల్‌రూములు ఒక జాగ్రత్త తీసుకుంటాయి. దాన్నే స్టీల్ సేఫ్ అంటారు. ఉక్కును కోయడం తేలిక, కోసిన ఉక్కును తిరిగి పెట్టడం కష్టం. వెల్డింగ్ చేసి నింపవచ్చు గానీ పాలిష్ చేసిన గోడ మీద ఆ మచ్చ దాక్కోదు, గట్టిదనం కూడా మారుతుంది. కాబట్టి మొదటిసారి క్యావిటీని లెక్కకన్నా కొంచెం చిన్నగా, కోర్‌ను కొంచెం పెద్దగా ఉంచుతారు. తర్వాత కావలసి వస్తే క్యావిటీని విప్పవచ్చు, కోర్‌ను తగ్గించవచ్చు. రెండూ కోత పనులే.

మన డబ్బాకు క్యావిటీ 101.40, కోర్ 98.60 దగ్గర ఆపామనుకుందాం. కాగితం చెప్పిన 1.5 శాతమే వస్తే బయట 99.88, లోపల 97.12, గోడ 1.38. మూడూ ఒప్పుకున్న హద్దుల్లోనే ఉన్నాయి. ఇంతకన్నా ఎక్కువ ఉక్కు మిగిలిస్తే గోడ 1.35కన్నా పలచబడి ప్లాస్టిక్ మూతిదాకా సరిగా నిండకపోవచ్చు. అందుకే మిగిల్చే ఉక్కుకు కూడా ఒక లెక్క ఉండాలి.

ఇక ట్రయల్. మెషీన్‌లో మొదట వచ్చే డబ్బాలను కొలవకూడదు. అచ్చు వేడి నిలకడగా వచ్చి, హోల్డింగ్ ప్రెషర్, దాని సమయం స్థిరపడి, డబ్బా బరువు వరుసగా ఒకేలా రావడం మొదలయ్యాక తీసినవాటిని పక్కన పెట్టాలి. వేడి డబ్బాను చేతిలో పట్టుకుని వెర్నియర్ పెట్టేస్తే ఆ అంకెను నమ్మకూడదు. మర్నాటిదాకా ఆగాలి. గుండ్రటి డబ్బా పూర్తిగా గుండ్రంగా ఉండదు, కాబట్టి మూతి చుట్టూ కొన్ని చోట్ల కొలిచి సగటు తీయాలి. పలచటి గోడను వెర్నియర్ దవడలతో నొక్కితే గోడ వంగి తక్కువ చూపిస్తుందన్నది కూడా గమనించాలి.

ఉదాహరణకు బయటి సగటు 99.62, లోపలిది 96.95 వచ్చిందనుకోండి. బయట హద్దు 99.7 కాబట్టి డబ్బా తప్పింది. గోడ 1.335, అదీ కొంచెం తక్కువే. ఇప్పుడు కంపెనీ కాగితం పక్కన పెట్టాలి. మన అచ్చే మనకు అసలు అంకె చెబుతోంది. 101.40లోంచి 99.62 తీసి 101.40తో భాగిస్తే బయట 1.755 శాతం. అదే పద్ధతిలో కోర్ వైపు 1.67 శాతం. ఈ కొత్త అంకెతో 100కు కావలసిన క్యావిటీ కడితే 101.786 వస్తుంది. కోర్‌ను ముట్టుకునే పని లేదు, 96.95 హద్దులోనే ఉంది.

అలాగని ఒకేసారి 101.786కు కోయకూడదు. సందు వెడల్పయితే గోడ మందమవుతుంది, దానితో ష్రింకేజ్ కొంచెం కదలవచ్చు. 101.70 దగ్గర ఆపితే డబ్బా 99.91, గోడ 1.48 వస్తాయి. ఆ పైన పాలిష్‌లో కూడా కాస్త ఉక్కు పోతుంది. కోసేటప్పుడు మూతి దగ్గరొక్కటే కాకుండా పై నుంచి అడుగుదాకా ఒకే మేరకు తీయాలి. లేకపోతే వాలు కోణం మారిపోతుంది.

ఒక పొరపాటు చాలా చోట్ల కనిపిస్తుంది. డబ్బా చిన్నగా వచ్చిందని హోల్డింగ్ ప్రెషర్ పెంచేసి 100 తెప్పిస్తారు, ఉక్కు ముట్టుకోరు. ఆ రోజుకు గండం గట్టెక్కుతుంది. కానీ ఒత్తిడి హద్దు చివర నడుపుతున్న అచ్చు ఇంకో బ్యాచ్ గింజలు వచ్చినా, ఇంకో మెషీన్ మీద ఎక్కించినా పట్టు తప్పుతుంది. డబ్బా కోర్‌కు అతుక్కోవడం, మూతి అంచున పలచటి ప్లాస్టిక్ రేకులు రావడం దానికి సూచనలు. మెషీన్‌ను దాని మధ్య స్థితిలో ఉంచి, మిగిలిన తేడాను ఉక్కులో దిద్దడమే సరైన పద్ధతి.

ఈ పని క్రమంగా నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో నెలకొల్పిన సంస్థ. అక్కడ టూల్, డై, మోల్డ్ మేకింగ్‌లో డిప్లొమా ఉంది. ప్లాస్టిక్ వైపు నుంచి చదవాలంటే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ సిపెట్ కేంద్రాలున్నాయి.

చివరగా, అచ్చు చేయించుకునే చిన్న పరిశ్రమలవాళ్లకు ఒక మాట. డ్రాయింగ్ ఇచ్చేటప్పుడు వాడబోయే గ్రేడ్ పేరు, రంగులు రాయండి. ప్రతి ముఖ్యమైన కొలత పక్కన అది మూతి దగ్గరదో అడుగు దగ్గరదో రాయండి. డ్రాఫ్ట్ ఒక్కో వైపుకు ఎంతో, ఎటు వాలాలో బాణం గీసి చూపండి. జతపడే మూతనో, ఇంకో వస్తువునో డిజైనర్ చేతికివ్వండి. ట్రయల్ తర్వాత దిద్దుబాటు కోతకు అయ్యే ఖర్చు ఎవరిదో ఆర్డర్ కాగితంలోనే రాసుకోండి. ఆ కోత దాదాపు ప్రతి కొత్త అచ్చుకూ పడుతుంది.